హిసాబు పడిన వారానికి వచ్చిన ఫోను

అన్నా, అక్కా, ఈసారి ఒక పెద్దాయన సంగతి చెప్పుకుందాం. ఆయనకు పేరు పెట్టడం లేదు. ఆయన చోట మీరుండొచ్చు, మీ రూమ్‌లోని కాకా ఉండొచ్చు, ఊళ్లో మీ నాయన ఉండొచ్చు. ఊరు జగిత్యాల వైపు, పని షట్టరింగ్ కార్పెంటరీ, ఉండేది దమ్మాం దగ్గర ఒక క్యాంపులో. పద్దెనిమిదేళ్లు ఒకే కంపెనీలో చేశాడు. అరవై నిండాయి. ఇక ఇఖామా రెన్యువల్ లేదు, ఇంటికెళ్లి కూర్చోమన్నారు.

పోయేముందు హిసాబు చేశారు. సౌదీ కార్మిక చట్టం 84వ ఆర్టికల్ లెక్క మీకు తెలిసిందే. మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికీ పూర్తి నెల జీతం, అదీ చివరి జీతం మీద. ఆయన చివరి జీతం 1,500 రియాళ్లు. ఐదేళ్లకు 3,750, మిగతా పదమూడేళ్లకు 19,500, మొత్తం 23,250 రియాళ్లు. ఆ డబ్బు జీతం పడే బ్యాంకు ఖాతాలోనే పడింది. ఎగ్జిట్ కాగితం కోసం చూస్తూ పెద్దాయన రూమ్‌లో ఉన్నాడు. పద్దెనిమిదేళ్లలో పగటిపూట మంచం మీద ఖాళీగా కూర్చోవడం అదే మొదటిసారి.

శుక్రవారం మధ్యాహ్నం ఫోను మోగింది. సున్నా ఐదుతో మొదలయ్యే మామూలు మొబైల్ నంబరు. అటువైపు మనిషి హిందీలో, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. రియాద్‌లో బ్యాంకు హెడ్ ఆఫీసు నుంచి అన్నాడు. పెద్దాయన పూర్తి పేరు చెప్పాడు. ఇఖామా నంబరు పది అంకెలూ తడబడకుండా చదివాడు. "మీ ఇఖామా ఆఖరుకొచ్చింది, అందుకని ఖాతా బ్లాక్ అవుతుంది. డబ్బు లోపల ఇరుక్కుంటే ఎగ్జిట్ కూడా ఆగుతుంది. ఇప్పుడే అప్‌డేట్ చేసేస్తాను" అన్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇఖామా నంబరు చెప్పగలిగాడు కాబట్టి వాడు బ్యాంకువాడే అని పెద్దాయన నమ్మాడు. మీరు చెప్పండి, మీ ఇఖామా కాపీ ఎన్ని చోట్ల ఇచ్చారు? సిమ్ కొన్నచోట, జిరాక్సు షాపులో, వాట్సాప్‌లో ఉద్యోగం ఉందన్న ఏజెంటుకు, రూమ్ చూపించినవాడికి. అది వందమంది చేతులు మారిన కాగితం. దాని మీదున్న పేరూ నంబరూ తెలిసినంత మాత్రాన వాడు బ్యాంకువాడైపోడు.

ఆ తర్వాత కార్డు మీది పదహారు అంకెలు అడిగాడు. పెద్దాయన చెప్పాడు. ఏటీఎం పిన్ అడిగాడు. కొంచెం వెనకాడి అదీ చెప్పాడు. వెంటనే ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. "మెసేజ్‌లో ఒక కోడ్ ఉంటుంది, అది చదవండి, అప్‌డేట్ అయిపోతుంది" అన్నాడు అవతలివాడు. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని అంకెలు ఒక్కొక్కటిగా చదివాడు.

రెండు నిమిషాలు గడిచాయి. అవతలి గొంతు ఇంకా మెత్తబడింది. "మీ ఖాతాలో 23,250 రియాళ్లు ఉన్నాయి. పోయిన వారమే పడ్డాయి. సరేనా?"

పెద్దాయనకు అనుమానం పూర్తిగా పోయింది. లోపలున్న డబ్బు రియాలుతో సహా చెప్తున్నాడు, బ్యాంకువాడు కాకపోతే ఎట్లా తెలుస్తుంది? ఇక్కడే మనం మోసపోయేది. ఆ లెక్క వాడికి రెండు నిమిషాల ముందు వరకు తెలియదు. పెద్దాయన చదివిన కోడ్‌తోనే వాడు తన ఫోన్లో పెద్దాయన ఖాతా తెరిచాడు. తెరిచి, కనిపించింది చదివాడు. మనం ఇచ్చిన తాళంచెవితోనే మన ఇంట్లో దూరి, గదిలో ఏముందో మనకే చెప్పడం లాంటిది.

"మొదటి కోడ్ పూర్తిగా పనిచేయలేదు, ఇంకొకటి వస్తుంది, అదీ చదవండి" అన్నాడు వాడు. రెండో మెసేజ్ వచ్చింది.

అప్పుడే రూమ్‌లో ఉండే నిజామాబాద్ పిల్లగాడు, ఎలక్ట్రీషియన్, స్నానం చేసి వచ్చాడు. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని ఫోన్లో అంకెలు చదవబోవడం చూశాడు.

"కాకా, ఎవరికి చెప్తున్నవు?"

"బ్యాంకోళ్లకు బిడ్డా. అప్‌డేట్ చేస్తుండ్రు."

పిల్లగాడు ఫోను లాక్కుని మెసేజ్ చూశాడు. అంకెల కింద ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి: `Add beneficiary`. అంటే ఈ ఖాతా నుంచి డబ్బు పంపడానికి కొత్త మనిషి పేరు చేరుస్తున్నారని అర్థం. ఫోను కట్ చేశాడు. మొదటి మెసేజ్ తెరిచాడు. అందులో `New device` అని ఉంది. అంటే ఈ ఖాతాను ఇంకో ఫోన్లో తెరవడానికి అడుగుతున్నారని.

"కాకా, నీకు వాడు రెండు కోడ్‌లు అడగలే. మొదటిదానితో తలుపు తీసిండు. రెండోదానితో పైసలు మోసుకపోయేటోడు."

ఆ రోజు మిగతా పని ఎట్లా చేశారో చెప్తాను, ఎందుకంటే వరుస ముఖ్యం. ముందు పెద్దాయన ఏటీఎం కార్డు వెనక ఉన్న నంబరుకు చేశారు. గూగుల్‌లో వెతికిన నంబరుకు కాదు, ఆ మోసగాడు చేసిన నంబరుకు తిరిగి కాదు. కార్డు వెనక ఉన్నదానికే. నా ఖాతా వేరేవాడి ఫోన్లో తెరుచుకుంది, కార్డు, ఖాతా రెండూ ఆపండి అని చెప్పారు. కొత్తగా చేరిన ఫోనును ఖాతా నుంచి తీసేయించారు. కంప్లైంట్ నంబరు, టైము కాగితం మీద రాసుకున్నారు. తర్వాత బ్రాంచికి ఇఖామా పట్టుకెళ్లి కొత్త కార్డు, కొత్త పిన్, కొత్త పాస్‌వర్డ్ తీసుకున్నారు. డబ్బు నిలబడింది. పిల్లగాడు స్నానానికి ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ తీసుకుని ఉంటే పద్దెనిమిదేళ్ల హిసాబు పోయేది.

ఆ రాత్రి పెద్దాయన తిండి తినలేదు. "ఇన్నేండ్లు ఎవ్వనికీ మోసపోలే. బుద్ధి ఏడికి పోయింది నాకు" అని ఒకటే బాధ. పిల్లగాడు కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. ఆ మాట మీ అందరికీ పనికొస్తుంది.

"కాకా, నువ్వు కంపెనీల కాగితం మీద వేలిముద్ర వేసేముందు ఏమడిగేటోనివి?"

"ఇదేం కాగితం, దేనికి అని."

"కోడ్ గూడ గంతే. అది నీ వేలిముద్ర. బ్యాంకుల ఎవడో నీ పేరు మీద ఒక పని మొదలుపెట్టిండు. బ్యాంకు మిషిను నిన్ను అడుగుతున్నది, ఇది నువ్వేనా, వేలిముద్ర వెయ్యి అని. నువ్వు ఏ పనీ మొదలుపెట్టకుండనే కోడ్ వచ్చిందంటే, ఆ పని ఇంకోడు మొదలుపెట్టిండన్నట్టు."

పెద్దాయన చాలాసేపు ఆలోచించి అన్నాడు: "అంటే వాడు ఫోన్ల ఏం చెప్పిండన్నది కాదు. ఆ పని మొదలుపెట్టింది ఎవరన్నది చూడాలె."

అదే అసలు సూత్రం. కోడ్ ఎప్పుడూ ఎవరికీ చెప్పొద్దు అని మనకు అందరూ చెప్తారు. కానీ మన రోజువారీ పనిలో చెప్పాల్సి వచ్చే సందర్భాలు ఉంటాయి, అందుకే ఆ మాట మనసులో నిలవదు. ఇంటికి డబ్బు పంపే కౌంటర్ దగ్గర కూర్చున్నప్పుడు అక్కడి మనిషి కోడ్ అడగొచ్చు. మీరు ఆర్డర్ చేసిన పార్సిల్ తెచ్చినవాడు గేటు దగ్గర అడగొచ్చు. ఊళ్లో గ్యాస్ బండి తెచ్చినవాడు డెలివరీ కోడ్ అడుగుతాడు. అవి మీరు మొదలుపెట్టిన పనులు. మనిషి ఎదురుగా ఉన్నాడు, లేదా వస్తువు చేతిలో ఉంది. అప్పుడు కూడా మెసేజ్ చదివి, అందులో ఉన్నది మీరు చేస్తున్న పనేనా, మొత్తం మీరు అనుకున్నదేనా చూసి చెప్పండి. 500 రియాళ్లు పంపుతుంటే మెసేజ్‌లో 5,000 అని ఉంటే నోరు మూసుకోండి. ఇక దానంతట అది మోగిన ఫోనులో అడిగితే మాత్రం ఎవరైనా సరే, చెప్పే పని లేదు. ఏ బ్యాంకూ, ఏ ప్రభుత్వ ఆఫీసూ ఫోను చేసి మీ కోడ్ అడగదు. కోడ్ పంపింది వాళ్ల మిషినే. దాన్ని వాళ్లు మీ నోటి నుంచి వినాల్సిన అవసరం లేదు.

ఒక ఇబ్బంది ఉంది. మెసేజ్ అరబ్బీలో వస్తే మనలో చాలామందికి అంకెలు తప్ప ఏమీ అర్థం కాదు. వాడికి కావలసిందీ అదే. బ్రాంచికి వెళ్లినప్పుడు, లేదా బ్యాంకు యాప్ సెట్టింగ్స్‌లో, మెసేజ్ భాషను ఇంగ్లీషుకు మార్చమని అడగండి. ఇంగ్లీషు రాకపోయినా మూడు మాటలు గుర్తుపట్టడం నేర్చుకోండి. `New device` అంటే కొత్త ఫోను. `Beneficiary` అంటే డబ్బు అందుకునే కొత్త మనిషి. `Purchase` అంటే కార్డుతో కొనుగోలు. మీరు ఆ పని చేయనప్పుడు ఈ మాట కనిపిస్తే, ఎవరో మీ పేరు మీద చేస్తున్నారన్నట్టు. పెద్దాయన ఈ మూడు మాటలనూ పిల్లగాడితో పెద్ద అక్షరాల్లో ఒక అట్టముక్క మీద రాయించి మంచం పక్కన గోడకు అంటించాడు.

మూడు రోజులకు మళ్లీ ఫోను. నంబరు వేరు, గొంతు వేరు. "మీ ఖాతాలో మొన్న మోసం జరగబోయింది, మేము ఆపాము. డబ్బును సేఫ్ చేయాలి, ఇప్పుడొచ్చే కోడ్ చెప్పండి" అన్నాడు. వాళ్లకు ఒకసారి నోరు తెరిచిన మనిషి దొరికాడు కాబట్టి మళ్లీ వచ్చారు. ఈసారి మోసం నుంచి కాపాడేవాడి వేషంలో వచ్చారు.

పెద్దాయన కోప్పడలేదు, తిట్టలేదు. "అచ్ఛా సాబ్, నేనే రేపు బ్రాంచికి వస్తా. అక్కడ మాట్లాడుదాం" అన్నాడు.

"రేపటిదాకా అయితే డబ్బు పోతుంది" అన్నాడు వాడు.

"పోతే పోనీ. బ్రాంచిలనే మాట్లాడుతా" అని పెట్టేశాడు. పెట్టేసినాక చెయ్యి వణికిందట. కానీ పెట్టేశాడు.

ఆ జవాబు గుర్తుపెట్టుకోండి. వాడితో వాదించక్కర్లేదు, వాడు దొంగ అని నిరూపించక్కర్లేదు. నిజంగా బ్యాంకువాడైతే నేనే బ్రాంచికి వస్తానంటే సరేనంటాడు. దొంగకు మాత్రం అది పనికిరాదు. తొందర పెట్టేది అందుకే. ఫోను పెట్టేసి, పక్కవాడిని ఒక మాట అడిగి, కార్డు వెనకున్న నంబరుకు చేసేంత సమయం మీకు దొరికితే వాడి పని అయిపోయినట్టే.

ఇంకో వారానికి మూడో రకం ఫోను వచ్చింది. ఇది ఇంకా తెలివైనది. ఈసారి జవాజాత్ నుంచి అన్నాడు. కోడ్ అడగలేదు. "కోడ్ ఎవరికీ చెప్పకండి, నాకు కూడా చెప్పకండి. మీ ఫోన్లో నఫాత్ యాప్ తెరవండి. మూడు నంబర్లు కనిపిస్తాయి. వాటిలో 36 నొక్కండి, ఎగ్జిట్ పని అయిపోతుంది" అన్నాడు.

నఫాత్ గురించి మీరు బాగా తెలుసుకోవాలి. సౌదీలో ప్రభుత్వ సైట్లలోకి, చాలా బ్యాంకుల్లోకి, సిమ్ కంపెనీల్లోకి మీ ఇఖామా మీద వెళ్లాలంటే నఫాత్ అడుగుతుంది. అది ఇట్లా పనిచేస్తుంది. సైటు తెరిచినవాడి ముందు ఒక రెండంకెల నంబరు కనిపిస్తుంది. అదే సమయంలో మీ ఫోన్లోని నఫాత్ యాప్‌కు ఒక రిక్వెస్టు వస్తుంది. అందులో సరైన నంబరు నొక్కి, ముఖమో వేలిముద్రో చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది. సైటు తెరిచినవాడు, నఫాత్ నొక్కేవాడు ఒకరే అయి ఉండాలన్నది దీని ఉద్దేశం. ఓటీపీలో అంకెలు మీ దగ్గర నుంచి వాడికి పోతాయి. ఇక్కడ వాడి దగ్గర నుంచి మీకు వస్తాయి. దారి తిరగబడింది, వేలిముద్ర మాత్రం మీదే.

పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత అడిగిన ప్రశ్న వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. "36 అని నీకు ఎట్ల తెలుసు? నేను ఏ సైటూ తెరవలే. అది నీ ముందర కనిపిస్తున్నదన్నట్టు. అంటే తెరిచింది నువ్వు." అవతలివాడే ఫోను పెట్టేశాడు.

ఆ 36 నొక్కి ఉంటే ఏమయ్యేది? ఆయన ఇఖామా మీద కొత్త సిమ్ తీసుకోవచ్చు, వేరే యాప్‌లో ఖాతా తెరవొచ్చు, అప్పు తీసుకోవచ్చు. ఆ సిమ్‌తో, ఆ ఖాతాతో ఇంకొకరిని మోసం చేస్తే పోలీసు ముందుగా వెతికేది దాని మీద ఉన్న పేరునే. ఆర్థిక మోసాల మీద సౌదీ 2021లో తెచ్చిన చట్టంలో ఏడేళ్ల దాకా జైలు, యాభై లక్షల రియాళ్ల దాకా జరిమానా ఉన్నాయి. మీరు చేయలేదని చివరికి తేలవచ్చు. కానీ తేలేదాకా ఎగ్జిట్ ఆగుతుంది. అందుకే ఖాతాలో డబ్బు లేదు కాబట్టి నాకేం పోతుంది అనుకోకండి. ఖాళీ ఖాతాకు కూడా మీ పేరు ఉంది. అదే కారణంతో, నెలకింత ఇస్తామని ఎవరైనా మీ ఏటీఎం కార్డు, సిమ్ అద్దెకు అడిగితే ఇవ్వొద్దు. దొంగ సొమ్ము తిరిగేది అలాంటి ఖాతాల్లోనే.

ఇళ్లలో పనిచేసే అక్కలకు ఒక మాట. మీ అబ్షర్, మీ బ్యాంకు ఖాతా ఏ ఫోన్ నంబరు మీద ఉన్నాయో ఒకసారి చూసుకోండి. మీరు వచ్చిన కొత్తలో మేడమ్ నంబరో, తీసుకొచ్చినవాళ్ల నంబరో పెట్టి ఉండొచ్చు. కోడ్ ఏ సిమ్‌కు వస్తే మీ వేలిముద్ర వాళ్ల చేతిలో ఉన్నట్టు. మీ ఇఖామా మీద తీసిన, మీ చేతిలో ఉండే సిమ్‌కు మార్పించుకోండి. మీ ఇఖామా మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికం శాఖ వారి 'అర్ఖామీ' సేవలో కనిపిస్తుంది. తెలియని నంబరు ఉంటే ఆ సిమ్ కంపెనీ ఆఫీసుకెళ్లి తీసేయించండి.

ఇప్పటికే కోడ్ చెప్పేసినవాళ్లు సిగ్గుతో ఊరుకోకండి. మొదటి పని బ్యాంకుకు ఫోను, కార్డు వెనక ఉన్న నంబరుకు. ఇది నిమిషాల లెక్క. తర్వాత 'కుల్లునా అమన్' యాప్‌లోనో, దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో ఫిర్యాదు చేయండి. మోసం మెసేజ్ వస్తే దాన్ని 330330కు ఫార్వర్డ్ చేయండి. ఆ మెసేజ్‌లు, కాల్ వచ్చిన నంబరు, టైము చెరిపేయకండి, అవే మీ సాక్ష్యం. బ్యాంకు మీ ఫిర్యాదు పట్టించుకోకపోతే సౌదీ సెంట్రల్ బ్యాంకు, అంటే సామాకు ఫిర్యాదు చేయొచ్చు. అయితే ఒక నిజం చెప్పాలి. మీ నోటితో మీరే చెప్పిన కోడ్‌తో పోయిన డబ్బు తిరిగి రావడం కష్టం.

ఇండియాలో ఖాతా ఉన్నవాళ్లకు కూడా ఇదే వరుస. ఊళ్లో ఇంటివాళ్ల చేత 1930కు ఫోను చేయించండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టించండి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు, మీరే కోడ్ చెప్పి పోగొట్టుకుంటే బ్యాంకుకు తెలిపేదాకా పోయిన నష్టం మీదేనని చెప్పింది. తెలిపిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలని చెప్పింది. కాబట్టి ఒక కోడ్ చెప్పి తప్పు చేశానని తెలిసిన క్షణం నుంచి ప్రతి నిమిషానికీ విలువ ఉంది.

పెద్దాయన ఎగ్జిట్ మీద వెళ్లేముందు ఇంకో పని చేశాడు, మీలో వెళ్లబోయేవాళ్లు తప్పకుండా చేయాల్సింది. హిసాబు డబ్బు ఇంటి ఖాతాకు పంపి, అది అక్కడ పడిందని ఫోనులో తెలుసుకున్నాక సౌదీ ఖాతా మూయించాడు. ఇండియా బ్యాంకులో సౌదీ నంబరు ఉంటే దాన్ని ఊరి నంబరుకు మార్పించాడు. ఎందుకంటే మీరు వెళ్లిపోయాక ఆ సౌదీ సిమ్ కొన్నాళ్లకు ఆగిపోతుంది, ఆ నంబరు ఇంకొకరికి పోవచ్చు. అప్పుడు మీ కోడ్‌లు పోయేది ఆ కొత్త మనిషికి.

ఇప్పుడు ఆయన ఊళ్లో ఉన్నాడు. అక్కడా ఫోన్లు వస్తూనే ఉన్నాయి, పింఛను ఆగిందనో, కేవైసీ పోయిందనో. మొన్న నిజామాబాద్ పిల్లగాడు మాట్లాడినప్పుడు నవ్వుతూ చెప్పాడట: "బిడ్డా, ఇప్పుడు ఎవడు కోడ్ అడిగినా ఒక్కటే అడుగుతున్న. ఈ పని మొదలుపెట్టింది నేనా, నువ్వా అని. ఇంతవరకు ఒక్కడు గూడ జవాబు చెప్పలే."